చవక ఎంక్వైరీ, ఖరీదైన పని: లీకేజీ మరమ్మతుల సంస్థకు మూడు రకాల ప్రకటనల పోలిక

నేపథ్యం

ఈ కేసులోని సంస్థ భవనాల్లో నీటి లీకేజీలనూ గోడల చెమ్మనూ సరిచేస్తుంది. చెమ్మ కనిపించే చోటు ఒకటి, నీరు దిగే చోటు మరొకటి కావడం ఈ వృత్తిలో మామూలే. అందువల్ల భవనాన్ని కళ్లారా చూడకుండా ఖర్చు అంచనా ఇవ్వడం కుదరదు. తనిఖీకి వెళ్లేవారు ఇద్దరు ఉన్నారు, వాళ్లు కలిసి వారానికి 24 తనిఖీల వరకు చేయగలరు. ఫోన్లు చేయడానికీ మెసేజ్‌లకు జవాబివ్వడానికీ ఆఫీసులో మరో ఇద్దరు ఉన్నారు. సంస్థను గుర్తుపట్టే వివరాలన్నీ తీసివేశాను. ఖర్చులను డబ్బు రూపంలో కాకుండా యూనిట్లలో చూపిస్తున్నాను, అయితే వాటి మధ్య నిష్పత్తులు కేసులో ఉన్నవే.

సంస్థ కొన్ని నెలలుగా లీడ్ ఫారం ప్రకటనలను మాత్రమే నడుపుతోంది. ఒక్కో లీడ్‌కు, అంటే ఆసక్తి చూపి వివరాలిచ్చిన ఒక్కో మనిషికి, అయ్యే ఖర్చు నెలనెలా తగ్గుతూ వచ్చిందే తప్ప తనిఖీల సంఖ్య మాత్రం పెరగలేదు. "లీడ్లు బోలెడు వస్తున్నాయండీ, పనులే రావడం లేదు. మెసేజ్ ప్రకటనలు, ల్యాండింగ్ పేజీ కూడా పెట్టి చూద్దాం, ఏది చవకైతే అది ఉంచుదాం" అని యజమాని నన్ను పిలిచారు. చవక అన్నప్పుడు దేన్ని లెక్కించి చవక అంటున్నామో ముందు తేల్చుకోవాలని నేను పట్టుబట్టాను. ఆ ఒక్క మాట తేలడానికే ఒక నెల పట్టింది.

మూడు పద్ధతుల్లో పని ఎవరి మీద పడుతుంది

లీడ్ ఫారం ప్రకటనలో ఫారం ఫేస్‌బుక్ లేదా ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లోనే తెరుచుకుంటుంది. పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్ వంటివి ఆ వ్యక్తి ఖాతా నుంచి ముందే నిండి ఉంటాయి. అవతలి మనిషి చేయవలసింది రెండు మూడు సార్లు వేలితో నొక్కడమే. మెసేజ్ ప్రకటనను నొక్కితే నేరుగా చాట్ తెరుచుకుంటుంది. అక్కడ అతను ఏదో ఒకటి రాయాలి, సంస్థ మనిషి దానికి జవాబివ్వాలి. ల్యాండింగ్ పేజీ ప్రకటన అతన్ని యాప్ నుంచి బయటికి, సంస్థ వెబ్‌సైటుకు తీసుకెళుతుంది. పేజీ తెరుచుకునేదాకా ఆగి, చదివి, వివరాలు స్వయంగా టైపు చేయవలసింది అతనే.

ఈ తేడాను నేను ఖర్చు తేడాగా కాక, వడపోత పని ఎవరు చేస్తున్నారనే తేడాగా చూస్తాను. నిజంగా అవసరం ఉన్నవారిని వేరుచేసే పని ఫారంలో ఫోన్ చేసే ఉద్యోగిపై పడుతుంది, మెసేజ్‌లో జవాబిచ్చే ఉద్యోగిపై పడుతుంది, పేజీలో మాత్రం దానిని కస్టమరే తెలియకుండా చేసేస్తాడు. ప్రకటనల తెర మీద కనిపించే ఖర్చులో మొదటి రెండింటి శ్రమ ఎక్కడా కలవదు. అందువల్ల ఫారం ఎప్పుడూ చవకగా, పేజీ ఎప్పుడూ ఖరీదుగా కనిపిస్తాయి.

మొదటి పోలిక ఎందుకు పనికిరాలేదు

నన్ను పిలిచాక, నేను పని మొదలుపెట్టేలోపే సంస్థ మూడు రకాల ప్రకటనలనూ రెండు వారాలు పక్కపక్కన నడిపి చూసింది. ఒక్కో ఫలితానికైన ఖర్చు అనే నిలువు వరుసను చూసి, ఫారమే మెరుగని తేల్చుకుంది. ఆ తీర్పును రెండు కారణాల వల్ల పక్కన పెట్టాల్సి వచ్చింది.

మొదటిది, ఆ వరుసలో ఉన్నవి మూడు వేర్వేరు వస్తువులు. ఫారంలో ఫలితమంటే ఒక పేరు, ఒక నంబరు. పేజీలో ఫలితమంటే కస్టమర్ స్వయంగా నింపి పంపిన వివరాలు. మెసేజ్‌లో ఫలితమంటే ప్రారంభమైన సంభాషణ, అంటే కనీసం 7 రోజులు మౌనంగా ఉన్న వ్యక్తి మళ్లీ రాసినా అది కొత్త సంభాషణగానే లెక్కకు వస్తుంది. చాట్ పెట్టెలో ముందే సిద్ధంగా ఉంచిన వాక్యాన్ని పంపేసి, ఆ తర్వాత మాయమైనవారు కూడా ఆ లెక్కలోనే ఉంటారు.

రెండోది, మూడూ ఒకే జనానికి చూపించారు. ఫోన్ నంబర్లు సరిపోల్చి చూస్తే, సోమవారం పేజీ చదివి వెళ్లిపోయి బుధవారం ఫారం నింపినవారు కనిపించారు. వాళ్లను ఒప్పించింది పేజీ అయితే పేరు ఫారానికి దక్కింది.

కాబట్టి మెటా ప్రకటనలను నడిపే యాడ్స్ మేనేజర్‌లోని `A/B test` పద్ధతిలో జనాన్ని యాదృచ్ఛికంగా మూడు భాగాలు చేసి, ఒకరికి ఒక రకం ప్రకటనే కనిపించేలా పెట్టాం. చిత్రం, వాక్యం మూడింటికీ ఒకటే. ఒక్కో దానికి 1,000 యూనిట్లు కేటాయించి నాలుగు వారాలు నడిపాం. నెలల మధ్య పోలికను నేను ఉద్దేశపూర్వకంగానే వద్దన్నాను. గట్టి వాన కురిసిన వారంలో లీకేజీ ఎంక్వైరీలు ఏ ప్రకటనకైనా పెరుగుతాయి. ఎండ నెలలో ఫారాన్నీ వాన నెలలో పేజీనీ నడిపితే మనం కొలిచేది వాననే. ఒకే సమయంలో నడిచినవాటిని మాత్రమే ఒకదానితో ఒకటి పోల్చాలని నియమం పెట్టుకున్నాం.

నాలుగు వారాల లెక్క

ఫారానికి 250 లీడ్లు వచ్చాయి, ఒక్కోటి 4 యూనిట్లు. వాళ్లలో ఫోన్‌కు దొరికినవారు 120 మంది, తనిఖీ పూర్తయినవి 25, పనిగా మారినవి 5. మెసేజ్‌కు 200 సంభాషణలు వచ్చాయి, ఒక్కోటి 5 యూనిట్లు. మన జవాబు తర్వాత కూడా తిరిగి రాసినవారు 110 మంది, తనిఖీలు 30, పనులు 10. పేజీకి వచ్చినవి 60 మాత్రమే, ఒక్కోటి దాదాపు 17 యూనిట్లు. అందులో 51 మంది ఫోన్‌కు దొరికారు, తనిఖీలు 24, పనులు 8.

ఒక్కో పనికి ప్రకటన ఖర్చు ఫారంలో 200, మెసేజ్‌లో 100, పేజీలో 125 యూనిట్లు అయింది. తెర మీద అన్నిటికన్నా చవకైన ఫారం ఇక్కడ అన్నిటికన్నా ఖరీదైపోయింది. పైగా ఫారం నుంచి వచ్చిన ఒక్కో పనికి తనిఖీదారు ఐదు ఇళ్లు తిరిగాడు, మిగతా రెండింటిలో మూడు ఇళ్లు తిరిగితే సరిపోయింది.

యజమాని మెసేజ్ గెలిచిందన్నారు. ఆఫీసు శ్రమ కూడా కలిపాక చూద్దామన్నాను. ఉద్యోగులిద్దరూ నెలంతా కాగితం మీద రాసుకున్న సమయాన్ని కూడితే, ఒక్కో సంభాషణకు సగటున 12 నిమిషాలు, ఒక్కో ఫారం లీడ్‌కు ఎత్తని కాల్స్‌తో సహా 8 నిమిషాలు, పేజీ నుంచి వచ్చినవారికి 6 నిమిషాలు పట్టింది. మొత్తంగా మెసేజ్‌కు 40 గంటలు, ఫారానికి 33 గంటలు, పేజీకి 6 గంటలు. యజమాని లెక్క ప్రకారం ఆఫీసు గంట ఖరీదు 10 యూనిట్లు. దానిని కలిపితే ఒక్కో పనికి మెసేజ్‌లో 140, పేజీలో దాదాపు 133, ఫారంలో 267 యూనిట్లు తేలాయి. అంటే మొదటి రెండు స్థానాలూ తారుమారయ్యాయి.

ఇక్కడ తొందరపడి పేజీని విజేతగా ప్రకటించడం కూడా తప్పే. 10 పనులకూ 8 పనులకూ మధ్య తేడా ఇద్దరు కస్టమర్ల మనసు మారితే చెరిగిపోతుంది. ఇంత చిన్న అంకెల నుంచి నేను నమ్మకంగా తీసుకున్నది ఒక్క మాటే. ఉన్న రూపంలో ఫారం మిగతా రెండింటికీ దూరంగా వెనకబడి ఉంది, ఆ రెండూ మాత్రం దాదాపు సమానం. ఆ తర్వాత ఏది మెరుగన్న ప్రశ్నను వదిలి, ఏది ఎక్కడ ఆగిపోతోందన్న ప్రశ్నకు వచ్చాం.

మెసేజ్ ఎక్కడ ఆగింది

200 సంభాషణల్లో 112 పనివేళల్లో, 88 పనివేళలు దాటాక వచ్చాయి. పనివేళల్లో వచ్చినవారిలో 80 మంది తిరిగి రాశారు. రాత్రి రాసి మర్నాడు జవాబు అందుకున్నవారిలో 30 మందే తిరిగి రాశారు. చాట్ తెరిచిన మనిషి అప్పుడే మాట్లాడాలనుకుంటాడు. పొద్దున్నే వచ్చిన జవాబు అతనికి ఎవరో తెలియనివారి మెసేజ్‌లా కనిపిస్తుంది.

మొదట మేము చేసింది అందరూ చేసేదే. "మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు, మా ప్రతినిధి త్వరలో మీతో మాట్లాడతారు" అని ఆటోమేటిక్ జవాబు పెట్టాం. దానివల్ల ఏమీ మారలేదు, కొన్నిచోట్ల సంభాషణ అక్కడితోనే ముగిసింది. కారణం ఆలోచిస్తే స్పష్టంగానే ఉంది. ఆ వాక్యం అవతలివాడిని ఏమీ అడగలేదు, ఎదురు చూడమని మాత్రం చెప్పింది.

దానిని మార్చి "చెమ్మ కనిపిస్తున్న చోటును కొంచెం దూరం నుంచి ఒక ఫోటో, దగ్గర నుంచి ఒక ఫోటో తీసి పంపండి. పై అంతస్తులో ఏముందో కూడా రాయండి: బాత్రూమా, ఖాళీ డాబానా?" అని పెట్టాం. ఇది రెండు పనులు చేసింది. రాత్రి రాసినవారికి కూడా వెంటనే చేయగలిగిన పని ఒకటి దొరికింది. మర్నాడు మన జవాబు "మీరు పంపిన ఫోటోలో మరక అంచు పసుపుగా ఉంది, పాత తడి అయ్యుండవచ్చు" అని మొదలయ్యేసరికి అది తెలియనివారి మెసేజ్‌లా కనిపించడం మానేసింది. రాత్రి వేళ తీసిన ఫోటోల్లో మరక సరిగా కనబడదని తనిఖీదారులు చెప్పాక, వీలైతే పగటి వెలుగులో తీయమన్న మాట కూడా చేర్చాం.

నా దృష్టిలో ఈ కేసులో దొరికిన అసలు విషయం ఆ ఫోటోనే. ఫారంలోనూ మా పేజీలోనూ ఫోటో అడగలేదు, చాట్‌లో ఫోటో పంపడం మాత్రం మాట్లాడినంత సులువు. ఫోటో చూసి తనిఖీదారు కొన్నిసార్లు "ఇది మన పని కాదు, కుళాయి పైపు మార్చుకుంటే పోతుంది" అని అక్కడే తేల్చేవాడు. అలా ఆగిన ప్రతి ప్రయాణమూ మరో ఇంటికి ఖాళీ ఇచ్చింది. చాలామంది పంపే మొదటి మెసేజ్ "రేటెంత?" అనేదే కాబట్టి దానికీ ఒక పద్ధతి పెట్టుకున్నాం. ధర దాటవేస్తే మనిషి వెళ్లిపోతాడు, ఒకే అంకె చెబితే తనిఖీ తర్వాత గొడవవుతుంది. అందుకని చిన్న పనికీ పెద్ద పనికీ మధ్య ఖర్చు ఎంత మారుతుందో చెప్పి, ఏ రకమో తేలడానికి ఫోటో అడిగేవారు.

లెక్క కూడా మార్చాం. ఇకపై మా పట్టికలో సంభాషణ అంటే మన జవాబు తర్వాత కస్టమర్ రాసిన రెండో మెసేజ్. తెర మీది అంకె మా పట్టికలో అంకెకు దాదాపు రెట్టింపు ఉండటం యజమానికి మొదట్లో మింగుడుపడలేదు.

ఫారం ఎక్కడ ఆగింది

ఫారంలో రెండు వేర్వేరు నష్టాలు కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీయడం అవసరమైంది. లీడ్లను ప్రతి సాయంత్రం ఒకసారి ఫైలుగా డౌన్‌లోడ్ చేసి మర్నాడు ఫోన్లు చేసేవారు. 250లో 68 మందికి మాత్రం, ఒక ఉద్యోగి మధ్యలో చూసి, గంటలోపే ఫోన్ చేశాడు. వాళ్లలో 47 మంది ఎత్తారు. మిగిలిన 182 మందిలో 73 మందే ఎత్తారు. ఇదంతా ఆలస్యం మహిమే అనుకోవడం సులువు గానీ, గంటలోపు ఫోన్ అందుకున్నవాళ్లందరూ పగలు ఫారం నింపినవాళ్లే. పగలు నింపేవారూ అర్ధరాత్రి పడుకుని వేలు కదిలిస్తూ నింపేవారూ ఒకే రకం కాకపోవచ్చు. అందుకే తర్వాతి వారాల్లో లీడ్లు నేరుగా కస్టమర్ల వివరాలుండే సీఆర్‌ఎం సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేలా కలిపాక, పగటి లీడ్లనే తీసుకుని ఒక రోజు వెంటనే, మరో రోజు మూడు గంటలు ఆగి ఫోన్ చేయించాను. తేడా మొదట కనిపించినంత పెద్దది కాదు గానీ, ఉన్నదన్నది ఖాయం. వెంటనే ఫోన్ చేయడాన్ని నియమం చేశాం.

రెండో నష్టం, ఫారం నింపినట్టే గుర్తులేనివాళ్లు. "నేనా? నేనేమీ అడగలేదే" అన్న మాటను ఉద్యోగులు రోజూ వినేవారు. ఖాతాలో ఎప్పుడో ఇచ్చిన పాత నంబరు ముందే నిండి ఉండటం వల్ల ఫోన్ వేరేవాళ్లకు వెళ్లడమూ ఉంది. పాత ఫారం `More volume` రకం, అంటే సులువుగా నిండి ఎక్కువ లీడ్లు తెచ్చేది. దానికి పక్కనే `Higher intent` రకాన్ని పెట్టాం. ఇందులో పంపేముందు వివరాలను మరోసారి చూసి ఖరారు చేసే తెర ఒకటి వస్తుంది. దానితోపాటు ముందే నిండని ప్రశ్న ఒకటి చేర్చాం: లీకేజీ ఎక్కడ, ఎంత కాలంగా? ప్రచురించిన ఫారాన్ని సవరించడం కుదరదు కాబట్టి నకలు తీసి కొత్తది చేయాల్సి వచ్చింది. అది ఒక రకంగా మంచిదే అయింది, పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిచాయి.

ఒక్కోదానికి 300 యూనిట్లు ఖర్చు పెట్టాక పాత ఫారంలో 78 లీడ్లు, 36 మంది ఫోన్‌కు దొరకడం, 7 తనిఖీలు. కొత్త ఫారంలో 41 లీడ్లు, 29 మంది దొరకడం, 8 తనిఖీలు. లీడ్ ఖర్చు దాదాపు రెట్టింపైంది, ఫోన్ చేసే శ్రమ సగమైంది, తనిఖీలు మాత్రం అంతే ఉన్నాయి. నాలుగో రోజున లీడ్ ఖర్చు చూసి కొత్త ఫారం ఆపేయమని యజమాని కబురు పెట్టారు. ఆ వారం చేయాల్సిన ఫోన్ కాల్స్ ఎన్ని తగ్గాయో వాళ్ల ఆఫీసులో అడిగి చూడమన్నాను.

పేజీ ఎక్కడ ఆగింది

పేజీకి జబ్బు రెండు చోట్ల ఉంది. పరీక్ష నెలలో లింకు నొక్కినవారు 900 అయితే పేజీ పూర్తిగా తెరుచుకున్నట్టు నమోదైనవి 560. మరమ్మతుకు ముందూ తర్వాతా తీసిన పెద్ద ఫోటోలు పేజీ నిండా ఉండటంతో ఫోన్లలో అది తెరుచుకునేలోపే మూడో వంతుకు పైగా జనం వెనక్కి వెళ్లిపోయారు. ఫోటోల పరిమాణం తగ్గించి, మొదటి తెర మీద ఒకటే ఉంచాం. ఆ తర్వాత 900 నొక్కులకు 780 చొప్పున పేజీ తెరుచుకుంది.

రెండోది మొండిది. ప్రకటనల వ్యవస్థ ఎవరికి చూపించాలో నేర్చుకోవడానికి ఒక యాడ్ సెట్‌కు, అంటే ఒకే జనానికి ఒకే లక్ష్యంతో చూపించే ప్రకటనల గుంపుకు, వారానికి సుమారు 50 ఫలితాలు కావాలి. పేజీకి వారానికి వచ్చేవి 15, బాగుచేశాక 21. నేర్చుకోవడానికి ఫలితాలు చాలడం లేదని చెప్పే `Learning limited` అన్న మాట యాడ్ సెట్ పక్కన అంటిపెట్టుకునే ఉంది. దానిని వదిలించుకోవడానికి ఫలితంగా `Landing page views` ఎంచుకున్నాం, అది మా పొరపాటు. పేజీ తెరిచేవారు చవకగా, ఎక్కువగా వచ్చారు, ఫారం నింపేవారు ఇంకా తగ్గారు. తెరవడం అలవాటైనవాళ్లను వెతకమని మనమే చెప్పాం, వ్యవస్థ వాళ్లనే వెతికి తెచ్చింది. పది రోజుల్లో వెనక్కి తిప్పాం.

పేజీలోని ఫారాన్ని రెండు మెట్లుగా విడదీయడం కొంత పనిచేసింది. మొదటి మెట్టు మీద లీకేజీ ఎక్కడో ఎంచుకోవాలి, రెండో మెట్టు మీద పేరు, నంబరు రాయాలి. మొదటి మెట్టు దాటడాన్ని పేజీలోని మెటా పిక్సెల్ కోడ్‌తో ప్రత్యేక ఈవెంట్‌గా నమోదు చేసి, అది చేసేవారినే వెతికేలా ఆప్టిమైజ్ చేయించాం.

```
fbq('trackCustom', 'LeakTypeSelected');
```

ఇవి వారానికి 48 వరకు వచ్చాయి. పేజీ తెరవడం కన్నా ఇది ఉద్దేశానికి చాలా దగ్గర, వివరాలు పంపడం కన్నా తరచుగా జరుగుతుంది. వివరాలు పంపినవారి సంఖ్య పెద్దగా పెరగలేదు గానీ, వారం నుంచి వారానికి ఊగిసలాట తగ్గింది. తనిఖీదారుల రోజులు ముందే పంచుకోవాల్సిన సంస్థకు ఆ నిలకడ అక్కరకొచ్చింది.

చివరికి కుదిరిన అమరిక

మెసేజ్ ప్రకటనలను జవాబిచ్చే మనిషి కూర్చుని ఉన్న గంటల్లోనే నడుపుతున్నాం. అందుకు లైఫ్‌టైమ్ బడ్జెట్ పెట్టి గంటల షెడ్యూలు వేశాం. ఫోటో అడిగే ఆటోమేటిక్ జవాబు ఉన్నా, రాత్రి సంభాషణలు పగటివాటి స్థాయికి ఎదగలేదు కాబట్టి ఈ నిర్ణయం. పేజీ రాత్రీపగలూ నడుస్తుంది, ఎందుకంటే దానికి మనిషి కాపలా అక్కర్లేదు. పెద్ద భవనాల నిర్వాహకులు ఎక్కువగా పేజీ నుంచే వచ్చారు. వాళ్లు ఒక్కరే నిర్ణయం తీసుకోరు, నలుగురికి చూపించడానికి వాళ్లకు ఒక లింకు కావాలి.

ఫారాన్ని పూర్తిగా తీసేయలేదు. తనిఖీదారుల వద్ద వచ్చే వారానికి ఆరు కన్నా ఎక్కువ ఖాళీలు ఉన్నప్పుడు మాత్రమే కొత్త రకం ఫారానికి బడ్జెట్ తెరుస్తారు. మూడింటిలో ఎక్కువ సంఖ్యను త్వరగా తేగలిగింది అదే, ఫోన్ చేసేవారికి తీరిక ఉన్నప్పుడు ఆ గుణం పనికొస్తుంది.

ఈ అమరికకు బలహీనత ఎక్కడుందో మూడో నెలలోనే తెలిసింది. మెసేజ్‌లకు జవాబిచ్చే ఉద్యోగి వారం రోజులు సెలవు పెట్టాడు. రెండోవాడు ఫోన్ల మధ్యలో చాట్లు చూడటంతో మొదటి జవాబుకు గంటకు పైగా పట్టింది. తిరిగి రాసేవారు పదిమందిలో ఏడుగురి నుంచి నలుగురికి పడిపోయారు. తెర మీద సంభాషణ ఖర్చులో మాత్రం చలనమే లేదు, అక్కడ అంతా బాగున్నట్టే ఉంది. మా పట్టికలో రెండో మెసేజ్ వరుసను చూసి మూడో రోజున మెసేజ్ బడ్జెట్‌ను సగానికి తగ్గించి మిగతాది పేజీకి మళ్లించాం, అతను తిరిగొచ్చిన రోజున మళ్లీ పెంచాం.